పాముకాటు పోస్టరు: గోడ మీద ఏముండాలి, దారిలో ఏం చేయాలి

(వానాకాలం పనులు మొదలయ్యే ముందు దివిసీమ ప్రాంతపు ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు ఇచ్చిన శిక్షణలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో కూర్చున్నవారు కొంచెం ముందుకు రండి. ఈ పోస్టరు మీకు కనిపించకపోతే నేను మాట్లాడి ప్రయోజనం లేదు.

దీన్ని చూడగానే మీలో చాలామందికి ఒక అనుమానం వచ్చి ఉంటుంది. పాముకాటు పోస్టరు అన్నారు, మరి పాము బొమ్మ ఏది? పాత పోస్టరులో నాలుగు పాములూ రంగుల్లో ఉండేవి కదా: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఈసారి వాటిని కావాలనే తీసేశాము. ఎందుకు తీసేశామో ముందు చెబుతాను, ఎందుకంటే అది అర్థమైతే మిగతా పోస్టరంతా అర్థమవుతుంది.

బొమ్మ చూసినవాడు ఏం చేస్తాడు? కరిచిన పాము ఏదో పోల్చుకోవాలనుకుంటాడు. పోల్చుకోవాలంటే పాము కనబడాలి, కనబడాలంటే వెతకాలి. కర్ర తీసుకుని గట్టు తవ్వుతాడు, గడ్డివాము కదుపుతాడు, ఇంకో పదిమందిని పిలుస్తాడు. ఈ వెతుకులాటలో అరగంట పోతుంది, రెండో మనిషికి కాటు పడే ప్రమాదమూ ఉంటుంది. చంపిన పామును సంచిలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. తల తెగిన పాము కూడా కొంతసేపటి వరకు కరవగలదు, ఆ కాటులో విషమూ ఉంటుంది. ఇంత చేసి తెచ్చినా, వైద్యుడికి దానితో అంత అవసరం ఉండదు. మన దేశంలో దొరికే విషవిరుగుడు ఇంజెక్షను, మనం ఏఎస్‌వీ అనేది, ఈ నాలుగు పాముల విషానికీ కలిపి చేసిన ఒకే మందు. ఏ పామైనా మందు అదే. వైద్యుడు చికిత్స చేసేది మనిషిలో కనిపించే లక్షణాలను బట్టి. అందుకే ఈ పోస్టరులో పాము లేదు, మనిషి ఉన్నాడు. ఎవరైనా దూరం నుంచి ఫోనులో ఫొటో తీసి ఉంటే తీసుకురమ్మనండి, మంచిదే. ఫొటో కోసం మాత్రం ఎవరినీ వెనక్కి పంపవద్దు.

ఒక్క లెక్క చెప్పి ముందుకు వెళ్తాను. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా కట్టింది. ఏడాదికి సగటున 58 వేల మంది. వాటిలో దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపల జరిగినవే. అంటే నారుమళ్లు, నాట్లు, కలుపులు. మన దివిసీమలో ఆ నెలల్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాలా? చేలలో నీళ్లు నిండుతాయి, ఎలుకలు గట్ల మీదికి చేరతాయి, పాములూ వాటి వెనకే గట్లెక్కుతాయి, మనమూ ఆ గట్ల మీదే నడుస్తాము. ఈ చావుల్లో ఎక్కువ భాగం ఆసుపత్రి మంచం మీద జరిగినవి కావు. ఇంట్లోనో, దారిలోనో, మంత్రగాడి అరుగు మీదనో జరిగినవి. కాబట్టి వీటిని ఆపగలిగిన చోటు కూడా అదే. అక్కడ ఉండేది నేను కాదు, మీరు.

మొదటి గడి: కదలనివ్వవద్దు

పోస్టరులో పైన ఎడమవైపు ఉన్న బొమ్మ చూడండి. ఒక మనిషి నేల మీద పడుకుని ఉన్నాడు, కాలికి రెండు బద్దలు కట్టి ఉన్నాయి. కాటు పడిన వెంటనే చేయవలసిన పని ఇదే, కదలకుండా ఉంచడం. ఎందుకు? పాము కోర దించిన విషం నేరుగా పెద్ద రక్తనాళంలోకి వెళ్లడం చాలా అరుదు. అది చర్మం కిందో, కండలోనో పడుతుంది. అక్కడి నుంచి శోషరసం ప్రవహించే సన్నని నాళాల గుండా మెల్లగా ఒంట్లోకి పాకుతుంది. ఆ రసాన్ని నెట్టడానికి గుండెలాంటి పంపు వేరే ఏదీ లేదు, కండ కదిలితేనే అది కదులుతుంది. నడిచిన ప్రతి అడుగూ విషాన్ని పైకి నెట్టే అడుగే. చేను దగ్గర కరిస్తే చేను దగ్గరే పడుకోబెట్టాలి, మంచం మీదో, తలుపు చెక్క మీదో, దుప్పటిలోనో మోసుకుని రోడ్డుకు తేవాలి. "ఇంటిదాకా నడిచేస్తాను, ఏం కాలేదు" అనేవాడిని ముఖ్యంగా నడవనివ్వకూడదు.

బద్ద కట్టడం ఎలా? వెదురు బద్ద, ప్లాస్టిక్ పైపు ముక్క, గొడుగు కర్ర, ఏది చేతికి అందితే అది. కాలికి అయితే పాదం నుంచి మోకాలు దాటి పైదాకా రావాలి. తువ్వాలు గాని, చీర ముక్క గాని నాలుగు చోట్ల చుట్టి కట్టండి. కట్టు కింద మీ వేలు సులువుగా దూరాలి. వేలు దూరకపోతే అది బద్దకట్టు కాదు, రక్తం ఆపే కట్టు, దాని సంగతి తరువాత చెబుతాను. చేతికి కాటు పడితే మోచేయి వంచి, మెడకు వేసిన గుడ్డ ఊయలలో పెట్టండి. ఇంకేమీ అక్కరలేదు. గాయాన్ని కడగవద్దు, రుద్దవద్దు, దాని మీద ఐసు పెట్టవద్దు.

కట్టేలోపు ఒక పని ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. ఉంగరాలు, కడియాలు, పట్టీలు, మెట్టెలు, గడియారం, మొలతాడు, బిగుతైన జాకెట్టు చేతులు, ఇవన్నీ తీసేయాలి. రక్తపింజర కాటుకు, నాగుపాము కాటుకు కాలు గంటలో లావెక్కిపోతుంది. మెట్టె వేలిలోకి దిగిపోయి, దాన్ని తరువాత కత్తిరించవలసి వస్తుంది, ఒక్కోసారి వేలు కూడా దక్కదు. ఇక్కడ మీకు ఎదురయ్యే చిక్కు నాకు తెలుసు. పెళ్లైన ఆడమనిషి మెట్టెలు, గాజులు తీస్తానంటే అత్తగారు ఒప్పుకోరు, "ఇప్పుడే అపశకునం మాటలెందుకు" అంటారు. వాదించకండి. "అత్తా, వాపు దిగగానే మీ చేతులతోనే మళ్లీ పెట్టండి, అంతవరకు మీ కొంగున ముడివేసి ఉంచండి" అని చెప్పండి. ఆ వస్తువు పెద్దావిడ చేతిలోనే ఉంటే గొడవ ఉండదు.

రెండవ గడి: కొట్టివేసిన బొమ్మలు

ఎర్ర గీతతో కొట్టివేసిన బొమ్మలు నాలుగున్నాయి. అన్నిటికీ సమానంగా సమయం ఇవ్వను. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఈ రెండింటి గురించి ఒక్క మాట చాలు: కోసినా పీల్చినా లోపల పడిన విషం బయటికి రాదు. విషం వల్ల రక్తం గడ్డకట్టే గుణం పోయిన మనిషికి కోత పెడితే ఆ రక్తం ఆగదు. అంతే.

కట్టు సంగతి మాత్రం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవారు కూడా చేసే తప్పు అదే. మన పిల్లలు పాఠ్యపుస్తకంలో చదువుకున్నారు, సినిమాల్లో చూశారు. కాటుకు పైన తాడుతో బిగించి కడితే విషం పైకి పోదని అందరి నమ్మకం. తాడు అంత బిగించి కడితే కాలికి రక్తం అందదు. నాగుపాము, పింజర విషాలు అసలే కండను కుళ్లబెట్టే విషాలు, వాటిని ఒకేచోట బంధించి, పైగా రక్తం కూడా ఆపితే, కాలు దక్కడం కష్టమవుతుంది. వదులుగా కడితే విషం ఆగదు, బిగించి కడితే కాలు పోతుంది, మధ్యలో సరైన బిగువు అంటూ ఇంట్లో ఎవరూ కట్టలేరు. అందుకే కట్టవద్దు.

అయితే మీరు చేరేసరికి ఎవరో ఒకరు కట్టేసి ఉంటారు కదా, అప్పుడేం చేయాలి? ఇది జాగ్రత్తగా వినండి. అప్పటికే గట్టిగా బిగించి ఉన్న కట్టును దారిలో మీరు విప్పకండి. దాని కింద నిలిచిన విషం, ఇతర మలినాలు ఒక్కసారిగా ఒంట్లోకి దూసుకుపోతే, మనిషి అక్కడే కుప్పకూలవచ్చు, మీ చేతిలో మందేమీ ఉండదు. ఆసుపత్రిలో సెలైను ఎక్కించి, ఏఎస్‌వీ మొదలుపెట్టి, వైద్యుడు పక్కన ఉండగా దాన్ని తీస్తారు. మీరు చేయవలసింది ఎన్ని గంటలకు కట్టారో అడిగి రాసుకోవడం, ఆసుపత్రి గుమ్మంలో అడుగుపెట్టగానే ఆ మాట మొట్టమొదట చెప్పడం. దుప్పటి కప్పి ఉంటే కట్టు ఉందన్న సంగతే వైద్యుడికి తెలియకపోవచ్చు.

మూడవ బొమ్మ పసరు, మంత్రం, పాము రాయి. ఇప్పుడు ఫోనులో మంత్రం వేసేవారు కూడా వచ్చారు, అదీ ఇందులోదే. మీ ఊళ్లో పసరు వైద్యుడి చేతిలో బతికినవారు లేరా? ఉన్నారు. చాలామంది ఉన్నారు, నేను కాదనను. ఎందుకున్నారు? కరిచిన పాముల్లో సగానికి పైగా విషం లేనివే ఉంటాయి, నీరుకట్టెలు, జెర్రిపోతులు. విషమున్న పాము కూడా ఒక్కోసారి విషం దించకుండా కరుస్తుంది. వారందరూ పసరు వేసినా బతుకుతారు, వేయకపోయినా బతుకుతారు. పేరు మాత్రం పసరుకు వస్తుంది. నిజంగా విషం ఎక్కినవాడు చనిపోతే "ఆలస్యంగా తెచ్చారు" అంటారు. ఇలా అయితే ఏ వైద్యుడికైనా ఓటమి అనేదే ఉండదు. పసరు నోట్లో పోస్తే ఇంకో ప్రమాదం ఉంది: నాగుపాము గాని, కట్లపాము గాని కరిచినవాడికి గొంతు కండరాలు బలహీనపడి మింగడం రాదు, పోసిన పసరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

వేపాకు, మిరపకాయ నమిలించి, చేదు తెలియకపోతే, కారం తెలియకపోతే విషం ఎక్కినట్టు అని చూసే పరీక్ష మన దగ్గర అన్ని ఊళ్లలోనూ ఉంది. అది పరీక్ష కాదు. మనిషికి కారం తెలుస్తూనే ఉంటుంది, లోపల రక్తం గడ్డకట్టడం మానేసి ఉంటుంది. "కారం తెలుస్తోంది, ఏం ఫరవాలేదు, తెల్లారాక చూద్దాం" అని ఆపేసిన ఇల్లు ఎంత నష్టపోతుందో ఆలోచించండి.

నాలుగవ బొమ్మ మీలో కొందరికి నచ్చకపోవచ్చు. అది ఇంజెక్షను సూది. ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఆగి నొప్పికి ఒక ఇంజెక్షను, ధనుర్వాతానికి ఒక ఇంజెక్షను వేయించుకుని బయలుదేరడం అలవాటు. పింజర కరిచినవాడి రక్తం గడ్డకట్టదు. అటువంటివాడి తుంటిలో సూది గుచ్చితే కండ లోపల రక్తం పోగుపడుతుంది. డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి మందులు రక్తస్రావాన్ని ఇంకా పెంచుతాయి. టీటీ ఇంజెక్షను ఆసుపత్రిలో, రక్తం మామూలు అయ్యాక వేస్తారు, దానికి తొందర లేదు. నొప్పి భరించలేకపోతే, మనిషి తెలివిగా ఉండి బాగా మింగగలుగుతుంటే, పారాసిటమాల్ మాత్ర ఒకటి ఇవ్వవచ్చు.

కాటు కనిపించని కాటు

ఇంతవరకు చెప్పిందంతా కాటు పడిందని తెలిసినప్పటి మాట. అసలు కాటే తెలియకపోతే? ఇది పోస్టరులో కుడివైపు అడుగున, చీకటి గదిలో చాప మీద పడుకున్న పాప బొమ్మ. దీనికి మీ సమయం ఇంకొంచెం అడుగుతాను. ఇప్పుడు చెప్పబోయేది శిక్షణ కోసం అల్లిన ఉదాహరణ, ఏ ఒక్క ఇంటిదీ కాదు, కాని ఇందులో ప్రతి ముక్కా జరిగేదే.

పన్నెండేళ్ల పాప, తల్లికీ అమ్మమ్మకూ మధ్య నేల మీద పడుకుంది. రాత్రి మూడు గంటలకు కడుపునొప్పి అని లేచింది, ఒకసారి వాంతి అయింది. రాత్రి తిన్న బజ్జీలు పడలేదని అమ్మమ్మ వాము నీళ్లు ఇచ్చింది. నాలుగు గంటలకు ఆర్‌ఎంపీ వచ్చి గ్యాసు ఇంజెక్షను వేసి వెళ్లాడు. నాలుగున్నరకు పాప గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఉందంది, కళ్లు మూతలు పడుతున్నాయి. రాత్రంతా నిద్ర లేదు కదా, పడుకోనివ్వండి అన్నారు. అయిదు గంటలకు తల్లికి ఎందుకో భయం వేసి ఆశా కార్యకర్తను పిలిచింది.

ఆమె ఏం చేసింది? కాటు గాటు కోసం వెతకలేదు. కట్లపాము కోరలు చాలా చిన్నవి. నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటే కనిపించదు. ఆమె మూడు పనులు చేసింది. "పాపా, తల కదపకుండా పైన దూలం వైపు చూడమ్మా" అంది. కనుగుడ్లు పైకి వెళ్లాయి, రెప్పలు మాత్రం సగంలోనే ఉండిపోయాయి. "పడుకునే తల పైకి ఎత్తు" అంది. ఎత్తలేకపోయింది. "గట్టిగా ఊపిరి పీల్చి, ఒక్క గుక్కలో ఒకటి రెండు మూడు లెక్కపెట్టు" అంది. పధ్నాలుగు దగ్గర ఆగింది. అంతే, నిర్ధారణ ఆ మూడు పనుల్లోనే జరిగిపోయింది. వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలుతున్నాయంటే, కాదని తేలేవరకు అది కట్లపాము కాటే. ఈ వాక్యం పోస్టరు మీద పెద్ద అక్షరాల్లో రాయించాము. దయచేసి ఒకసారి నోటితో చదవండి.

అయిదూ అయిదుకు ఆమె 108కి ఫోను చేసింది. బండి రావడానికి నలభై నిమిషాలు పడుతుందన్నారు. తొమ్మిది కిలోమీటర్ల దూరంలో పీహెచ్‌సీ ఉంది, రాత్రి వైద్యుడు లేడు. ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో పెద్దాసుపత్రి ఉంది, ఫోను చేస్తే మందు ఉందన్నారు, వైద్యుడు ఉన్నాడన్నారు. పీహెచ్‌సీ దగ్గర ఆగితే ఒరిగేదేమీ లేదు. పక్కింటి ఆటో తీయించి, ఎదురు రమ్మని 108కి చెప్పి బయలుదేరింది. ఆటోలో పాపను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది, చొంగ బయటికి కారిపోయేలా నోరు కిందికి ఉంచింది. పదిహేను నిమిషాల తరువాత లెక్క ఎనిమిదికి పడిపోయింది. సగం దారిలో 108 కలిసింది, అందులో ఆక్సిజను ఉంది, అంబు బ్యాగు ఉంది. ఆసుపత్రిలో పది వయల్సు ఏఎస్‌వీ మొదలుపెట్టి, శ్వాసగొట్టం వేసి, వెంటిలేటరు ఉన్న చోటికి పంపారు.

ఒక విషయం గమనించారా? కట్లపాము విషం నరాల చివరలను దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న తరువాత మందు వాటిని బాగుచేయలేదు, మిగిలిన విషాన్ని మాత్రమే పట్టుకోగలదు. నరాలు తిరిగి కోలుకోవడానికి రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ ఎవరో ఒకరు ఊపిరి అందించాలి, అంతే. ఊపిరి అందితే ఈ పిల్లలు నడుచుకుంటూ ఇంటికి వెళ్తారు. కాబట్టి దారిలో శ్వాస ఆగితే ప్రయాణం ఆపవద్దు. అంబు బ్యాగు ఉంటే దానితో, లేకపోతే నోటితో ఊపిరి ఊదుతూనే ఉండండి. ఇంకో మాట, దీన్ని మరీ మరీ చెబుతున్నాను. పూర్తిగా చచ్చుబడిన మనిషి కన్ను తెరవలేడు, వేలు కదపలేడు, కంటిపాప పెద్దదై వెలుగుకు స్పందించదు. చూసినవారు ప్రాణం పోయిందనుకుంటారు. అతనికి మీ మాటలన్నీ వినిపిస్తూనే ఉండవచ్చు. నాడి కొట్టుకుంటున్నంతసేపు అతను బతికే ఉన్నాడు. ఇంటికి మళ్లించమని ఎవరు చెప్పినా మళ్లించకండి.

ఖాళీగా వదిలిన గీతలు

పోస్టరు మధ్యలో ఇంత చోటు ఖాళీగా వదిలారేమిటని అడిగారు ఇందాక ఒకరు. అది అచ్చు వేసినవారి పొరపాటు కాదు. అక్కడ నాలుగు గీతలున్నాయి, వాటిని మీ చేతిరాతతో మీరే నింపాలి. రాత్రి ఏఎస్‌వీ, వైద్యుడు రెండూ ఉండే దగ్గరి ఆసుపత్రి పేరు, ఫోను నంబరు. వెంటిలేటరు ఉన్న ఆసుపత్రి పేరు, నంబరు. 108 అచ్చులోనే ఉంది. నాలుగో గీత మీద అర్ధరాత్రి పిలిచినా బండి తీసే ఇద్దరి నంబర్లు. ఈ గీతలు నింపని పోస్టరు గోడకు అంటించవద్దు. నెలకొకసారి ఆ ఆసుపత్రికి ఫోను చేసి మందు నిలువ ఉందో లేదో అడగండి. మందు అయిపోయిన చోటికి రోగిని తీసుకుపోయి, అక్కడ చీటీ రాయించుకుని ఇంకోచోటికి పరుగెత్తడంలో పోయే గంట తిరిగిరాదు.

అలాగని దగ్గరలో మందూ వైద్యుడూ ఉన్న పీహెచ్‌సీని దాటేసి పట్నానికి పరుగెత్తకండి. మొదటి మోతాదు అక్కడే పడాలి. అది ఎక్కించి, వెంట చీటీ ఇచ్చి పైకి పంపుతారు.

బండి దొరకకపోతే మోటారు సైకిలు మీద తీసుకుపోవచ్చా? పోవచ్చు, కాని ముగ్గురు ఉండాలి. నడిపేవాడు, మధ్యలో రోగి, వెనక పట్టుకుని కూర్చునే మనిషి. బద్ద కట్టిన కాలు వేలాడి ఊగకుండా చూడాలి. రోగి తానే నడుపుకుంటూ పోవడం ఎప్పటికీ వద్దు. రెప్పలు వాలుతున్నా, వాంతులవుతున్నా, మగతగా ఉన్నా మోటారు సైకిలు వద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టగల బండే కావాలి.

దారిలో మీ చేతిలో ఒక బాల్‌పెన్ను ఉండాలి. వాపు ఎంతవరకు వచ్చిందో చర్మం మీదే గీత గీసి, పక్కన టైము రాయండి. పదిహేను నిమిషాలకు ఇంకో గీత. ఆసుపత్రిలో వైద్యుడు ఆ కాలు చూడగానే విషం ఎంత వేగంగా పాకుతోందో తెలిసిపోతుంది. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా, గాటు నుంచి కారుతూనే ఉందా, మూత్రం ఎర్రగా వచ్చిందా చూడండి. చీటీ మీద రాయవలసినవి: కాటు పడిన టైము, మొదటి లక్షణం ఏమిటి, ఎప్పుడు మొదలైంది, కట్టు కట్టారా, పసరుగాని సూదిగాని వేశారా. పసరు సంగతి అడిగేటప్పుడు తిట్టకండి. తిడితే దాస్తారు.

ఆసుపత్రికి చేరాక

చేరగానే ఇంజెక్షను వేయలేదని గొడవపడి రోగిని తీసుకుపోయే కుటుంబాలున్నాయి. వారికి మీరు చెప్పవలసిన మాట ఒకటుంది. ఏఎస్‌వీని గుర్రాల రక్తం నుంచి తయారు చేస్తారు. కొందరికి అది ఎక్కించగానే దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం జరుగుతుంది, అప్పుడు వెంటనే ఎడ్రినలిన్ ఇవ్వాలి. అందుకే దాన్ని మీ సబ్‌సెంటరులో ఉంచరు, అందుకే విషలక్షణాలు కనిపించనివారికి ఊరికే వేయరు. లక్షణాలు లేకపోయినా 24 గంటలు ఉంచి చూస్తారు. రక్తం సంగతి తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చేస్తారు: శుభ్రంగా, పొడిగా ఉన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. ఇక్కడున్న ఏఎన్‌ఎంలు పీహెచ్‌సీలో దీన్ని చేయవలసి వస్తుంది. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గొట్టం వాడినా విషం లేని రక్తం కూడా గడ్డకట్టదు. కొత్త గాజు గొట్టాలు ఒక డబ్బాలో వేరుగా పెట్టుకోండి. చేయవలసిన పరీక్ష మధ్యలో రెండుమూడుసార్లు గొట్టాన్ని ఎత్తి చూసేవారున్నారు. అలా చూడకండి, 20 నిమిషాలు గడిచేదాకా ముట్టుకోవద్దు.

ఇంట్లోనే చనిపోయినవారి సంగతి కూడా మీరు రాయాలి. 2024 మార్చిలో కేంద్రం పాముకాటు నివారణకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది, 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలన్నది లక్ష్యం. అదే ఏడాది నవంబరులో ఈ కేసులను, మరణాలను తప్పనిసరిగా నమోదు చేయాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆసుపత్రికి రాని చావు మా పుస్తకాల్లో ఎక్కదు. అది మీ రిజిస్టరులో మాత్రమే ఎక్కగలదు. మందు ఏ మండలానికి ఎంత పంపాలో ఆ అంకె చూసే నిర్ణయిస్తారు.

పోస్టరు ఎక్కడ అంటించాలి? పీహెచ్‌సీ గోడకు వద్దు, అక్కడికి వచ్చినవాడు అప్పటికే వచ్చేశాడు కదా. పాల కేంద్రం, రేషను షాపు, ఎరువుల కొట్టు, రైసు మిల్లు, నాట్లకు కూలీలు దిగే కూడలి, అక్కడ అంటించండి. మంత్రగాడి ఇంటి దగ్గర కూడా ఒకటి అంటించి, ఆయనతో మాట్లాడండి. "మీ దగ్గరికి వచ్చినవారిని వెంటనే బండి ఎక్కించండి, మీ మంత్రం దారిలో చదవండి" అంటే ఒప్పుకునేవారు ఉన్నారు. ఆయనతో పోట్లాడితే మాత్రం రోగులు ఆయన దగ్గరే ఆగిపోతారు.

ఇక చివరి గీత, పోస్టరు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: "ఇంటికి వచ్చాక." ఏఎస్‌వీ ఎక్కించుకుని డిశ్చార్జి అయినవారి ఇంటికి మూడు వారాల వరకు మధ్యమధ్యలో వెళ్లి రండి. వారం పది రోజులకు జ్వరం, కీళ్లనొప్పులు, ఒళ్లంతా దద్దుర్లు వస్తే అది మందుకు ఒళ్లు ఎదురు తిరగడం వల్ల. విషం మళ్లీ లేచిందనుకుని పసరుకు పోతారు. ఆసుపత్రికి పంపితే మందులతో తగ్గిపోతుంది. పింజర కాటు పడినవారిని మూత్రం ఎంత వస్తోందని ప్రతిసారీ అడగండి. తగ్గిందన్నా, ముఖం, పాదాలు ఉబ్బాయన్నా కిడ్నీ దెబ్బతిన్నదేమోనని అనుమానించి అదే రోజు వెనక్కి పంపండి. గాటు దగ్గర చర్మం నల్లబడితే కూడా అంతే, ఇంట్లో పట్టీలు మార్చుకుంటూ కూర్చోనివ్వకండి. ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు ఈ గీతలు నింపడానికి ఎవరి దగ్గర ఏ నంబరు లేదో చెప్పండి, ఇక్కడే రాసుకుని వెళ్దాం.